చలిదేశాల వాళ్లు రాసిపెట్టుకున్న ఎండ సంగతులు

మా పెదనాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఇల్లు సికింద్రాబాద్ సీతాఫల్‌మండిలో, మేడ మీద చివరి వాటా. పైన స్లాబు తప్ప మరో నీడ లేదు కాబట్టి మే నెలలో రాత్రి పది దాటినా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. ఆయనకు పద్నాలుగేళ్లుగా షుగరు, ఎనిమిదేళ్లుగా బీపీ. మందుల విషయంలో అంత నిష్ఠ ఉన్న మనిషిని నేను చూడలేదు. సంధ్యావందనమైనా ఒక పూట తప్పుతుందేమో గాని మాత్ర తప్పదు.

రెండేళ్ల కిందట మేలో కాజీపేటలో ఒక పెళ్లికి వెళ్లి, మిట్టమధ్యాహ్నం రైల్లో తిరిగొచ్చారు. మర్నాటి నుంచి విరేచనాలు పట్టుకున్నాయి. అన్నం సయించలేదు. నీళ్లు తాగితే మళ్లీ వెళ్లాల్సొస్తుందని నీళ్లూ తగ్గించేశారు. మాత్రలు మాత్రం ఏ పూటకాపూట వేసుకున్నారు. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్. బీపీకి టెల్మిసార్టాన్, అందులోనే కలిసి ఉండే నీళ్ల మాత్ర హైడ్రోక్లోరోథయాజైడ్. రాత్రి 16 యూనిట్ల ఇన్సులిన్. ప్రయాణంలో మోకాళ్లు పట్టేశాయని సందు చివర మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ కూడా తెప్పించుకున్నారు. రెండో రోజు సాయంత్రం షుగరు 312 ఉంది. ఏమీ తినకుండానే ఇంత ఎలా వచ్చిందని ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయారు. మూడో రోజు పొద్దున మాట తడబడుతోంది, మూత్రం కొద్దిగా, టీ డికాషన్ రంగులో వస్తోంది. ఆసుపత్రిలో చేర్చి పరీక్ష చేయిస్తే, రెండు నెలల కింద 1.1 ఉన్న క్రియాటినిన్ 2.7కు చేరింది.

సెలైన్ ఎక్కించారు, మాత్రల్లో చాలావాటిని ఆపారు, ఆరో రోజుకు క్రియాటినిన్ 1.3కు దిగింది. కిడ్నీలు దక్కాయి. ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చిన కాగితంలో మందుల పట్టిక నిండుగా ఉంది. కింద ‘ఎండలో తిరగరాదు, నీళ్లు బాగా తాగాలి’ అని ఒక వాక్యం. ఇలాంటి రోజు మళ్లీ వస్తే ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపకూడదు అన్న మాట ఎక్కడా లేదు. పెదనాన్న చేసిన పొరపాటల్లా తనకు చెప్పినదంతా తు.చ. తప్పకుండా పాటించడమే. ఆ ఒక్క మాట ఎవరైనా, ఎక్కడైనా రాసిపెట్టుకున్నారా అని వెతుకుతూ వెళ్తే, నాకు దొరికిన మొదటి సమాధానం స్కాట్లండ్ నుంచి వచ్చింది. మే నెలలో పగటి ఎండ పదిహేను డిగ్రీల దగ్గరే ఆగిపోయే ఊళ్లవి.

స్కాట్లండ్ ఉత్తరభాగంలో హైలాండ్ అనే ప్రాంతం ఉంది. అక్కడి ప్రభుత్వ వైద్యసేవ 2013లో ఒక చిన్న కార్డు అచ్చువేసి మందుల షాపుల్లో, డాక్టర్ల దగ్గర పంచడం మొదలుపెట్టింది. పర్సులో పట్టేంత కార్డు. వాంతులు, విరేచనాలు, ఒళ్లు చెమటలు పట్టే జ్వరం వచ్చినప్పుడు ఈ మందులు తాత్కాలికంగా ఆపండి, మామూలుగా తిని తాగడం మొదలయ్యాక 24 నుంచి 48 గంటలకు మళ్లీ మొదలుపెట్టండి అని ఉంటుంది. కింద మందుల జాతులు ఉంటాయి: టెల్మిసార్టాన్ లాంటివి, రామిప్రిల్ లాంటివి, నీళ్ల మాత్రలు, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, మెట్‌ఫార్మిన్. అంతే. మందు ఇచ్చే ఫార్మసిస్టే కార్డు చేతిలో పెట్టి, మీ మాత్రల్లో ఈ జాబితాకు చెందినవి ఏవో చూపించి చెబుతాడు. కెనడా డయాబెటిస్ మార్గదర్శకాలు ఆ జాబితాకు గ్లిమెపిరైడ్ జాతినీ, డాపాగ్లిఫ్లోజిన్ జాతినీ కూడా చేర్చాయి. అంటే పెదనాన్న డబ్బాలో ఉన్న మాత్రలన్నీ ఆ రెండు జాబితాల్లోకీ కలిపి వచ్చేశాయన్నమాట.

ఎందుకు ఆపమంటారో అర్థం కావాలంటే ఆ మూడు రోజుల్లో ఆయన ఒంట్లో ఏం జరిగిందో వరసగా చూడాలి.

రక్తంలో షుగరు సుమారు 180 దాటితే కిడ్నీ దాన్ని పూర్తిగా వెనక్కి లాక్కోలేదు, మూత్రంలోకి వదిలేస్తుంది. చక్కెర ఒంటరిగా పోదు, వెంట నీళ్లను తీసుకుపోతుంది. షుగరు పెరిగినకొద్దీ మూత్రం ఎక్కువగా పోయేది అందుకే. ఒంట్లో నీరు తగ్గేసరికి మిగిలిన రక్తంలో చక్కెర చిక్కబడుతుంది. పైగా ఒళ్లు ఎండిపోతున్నప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి, కాలేయంలో దాచుకున్న చక్కెరను రక్తంలోకి తోస్తాయి. అందుకే ఏమీ తినకపోయినా 312 వచ్చింది. తిండి వల్ల పెరిగిన షుగరు కాదది, దాహం వల్ల పెరిగింది. ఇలాంటి రోజు షుగరు ఎక్కువుందని భయపడి నీళ్లు మజ్జిగ కూడా మానేస్తే మంటకు ఎండుకట్టెలు అందించినట్టే. ఈ చక్రం ఆగకుండా తిరిగితే, ముఖ్యంగా పెద్దవయసువాళ్లలో, షుగరు 600 దాటి మనిషి మగతలోకి జారిపోయే స్థితి వస్తుంది.

దీనికి తోడు డాపాగ్లిఫ్లోజిన్. చక్కెరను మూత్రంలోకి పంపడమే దాని పని. మామూలు రోజుల్లో గుండెకూ కిడ్నీకీ ఎంతో మేలు చేసే మందే. 2020లో పేటెంట్ గడువు తీరాక మన దేశంలో ధర బాగా తగ్గి, సామాన్యుల డబ్బాల్లోకి కూడా వచ్చింది, మంచిదే. కానీ అది రోజూ మామూలు కంటే మూడు నాలుగు వందల మిల్లీలీటర్ల మూత్రం ఎక్కువగా పంపిస్తుంది. తిండి, నీళ్లు లేని రోజు కూడా ఆ పని ఆపదు. అన్నం తినకుండా ఈ మాత్ర వేసుకుంటూ పోతే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటాయి. అప్పుడు షుగరు 200 మాత్రమే ఉండవచ్చు, మనమూ నిశ్చింతగా ఉంటాం, కాని మనిషి వాంతులు చేసుకుంటూ, లోతుగా ఊపిరి తీస్తూ ఉంటాడు. షుగరు మీటరు పట్టుకోలేని ప్రమాదం ఇది.

ఇక కిడ్నీ. అందులో లక్షల సంఖ్యలో ఉండే ప్రతి వడపోత గుత్తికీ రక్తం తెచ్చే సన్నని నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి ఉంటాయి. ఒంట్లో నీరు తగ్గి రక్తపు ఒత్తిడి పడిపోయినప్పుడు కిడ్నీ తెలివిగా వచ్చే నాళాన్ని వెడల్పు చేసి, పోయే నాళాన్ని బిగిస్తుంది. అలా లోపలి ఒత్తిడి నిలబెట్టుకుని వడపోత సాగిస్తుంది. డైక్లోఫెనాక్ ఆ వచ్చే నాళాన్ని వెడల్పు కానివ్వదు. టెల్మిసార్టాన్ పోయే నాళాన్ని బిగుసుకోనివ్వదు. నీళ్ల మాత్ర అసలే తక్కువున్న నీటిని ఇంకా తగ్గిస్తుంది. మూడూ విడివిడిగా యోగ్యమైన మందులే. మూడూ ఒకేసారి, విరేచనాల రోజున, 42 డిగ్రీల గదిలో కలిసేసరికి కిడ్నీకి తనను తాను కాపాడుకునే దారి ఒక్కటీ మిగలలేదు. మెట్‌ఫార్మిన్ కిడ్నీని చెడగొట్టదు, ఈ మాట మనవాళ్లకు గట్టిగా చెప్పాలి. కాని కిడ్నీ పని మందగించినప్పుడు అది బయటికి పోక ఒంట్లో పేరుకుని రక్తాన్ని ఆమ్లమయం చేయగలదు. గ్లిమెపిరైడ్‌ది మరో తిప్పలు. తిండి లేని మనిషి షుగరును అది గంటల తరబడి కిందికి లాగుతూ ఉంటుంది, కిడ్నీ మందగిస్తే ఆ లాగుడు ఇంకా పొడుగవుతుంది. ఆసుపత్రిలో నాలుగో రోజు తెల్లవారుజామున పెదనాన్న షుగరు 58కి పడిపోయింది. 312 నుంచి 58కి!

స్కాట్లండ్ కార్డును నెత్తిన పెట్టుకోమని నేను అనను. దాని మీద అక్కడే వాదన నడిచింది. కార్డు వల్ల కిడ్నీ దెబ్బలు తగ్గాయని తేల్చే ఆధారాలు బలంగా లేవని ఇంగ్లండ్ కిడ్నీ నిపుణులు కొన్నేళ్లకే చెప్పారు. ఆపిన మాత్రను తిరిగి మొదలుపెట్టడం మరచిపోయేవాళ్లుంటారు. గుండె నీరసించి నీళ్ల మాత్రల మీద బతుకుతున్నవాళ్లు తమంతట తాము ఆపితే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకే అలాంటి వాళ్లకు కార్డు ఇచ్చేముందు డాక్టరు విడిగా చెబుతాడు. ఇంకో సంగతి, ఎండగా ఉందన్న ఒక్క కారణంతో ఏ మాత్రా ఆపకూడదు. వాంతులు, విరేచనాలు, జ్వరం, తిండీ నీళ్లూ నిలవకపోవడం, వీటికే ఆ నియమం. ఇన్సులిన్‌ను మాత్రం పూర్తిగా ఆపడం ఎప్పుడూ లేదు. మోతాదు తగ్గించాలో పెంచాలో షుగరు చూసి, డాక్టరును అడిగి తేల్చుకోవాలి.

అక్కడికీ ఇక్కడికీ తేడా వైద్య పరిజ్ఞానంలో లేదు. గాంధీ ఆసుపత్రిలో ఏ హౌస్ సర్జన్‌ను అడిగినా పైన చెప్పినదంతా చెబుతారు. తేడా ఎక్కడంటే, వాళ్లు ఆ మాటను ఆసుపత్రి గోడల లోపల ఉంచకుండా రోగి పర్సులో పెట్టారు. మన దగ్గర అది రోగి మంచం ఎక్కాక మాత్రమే బయటికొస్తుంది.

రెండో పాఠం ఫిన్లాండ్‌ది. ఆ దేశంలో సౌనా అనే ఆవిరి గది లేని ఇల్లు అరుదు. షుగరున్నవాళ్లు కూడా వారానికి ఒకటి రెండుసార్లు 80, 90 డిగ్రీల వేడిలో కూర్చుంటారు. అలా కూర్చుంటే సూదిమందు ఏమవుతుందని అక్కడి డాక్టర్లకు సందేహం వచ్చింది. 1980లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న అధ్యయనం అచ్చయింది. ఇన్సులిన్ వేసుకునే కొద్దిమందిని 85 డిగ్రీల ఆవిరి గదిలో కూర్చోబెట్టి చూస్తే, చర్మం కింద వేసిన ఇన్సులిన్ మామూలు గదిలో కంటే రెట్టింపు దాటిన వేగంతో రక్తంలోకి చేరింది, షుగరు కూడా మరింత కిందికి పడింది. కారణం సులువైనదే. ఒళ్లు వేడెక్కితే దాన్ని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు పరుగెడుతుంది. సూది వేసిన చోట రక్తం ఎక్కువ తిరిగితే మందు తొందరగా కొట్టుకుపోతుంది.

మన మే నెల 85 డిగ్రీలు కాదు, సరే. కాని వాళ్లు ఆవిరి గదిలో పావుగంట, అరగంట కూర్చుంటారు, మనం రెండు నెలలు కూర్చుంటాం. పొద్దున ఎనిమిదింటికి తొడకు సూది వేసుకుని, ఆ వెంటనే మోండా మార్కెట్‌కు నడిచి, రెండు చేతుల్లో సంచులతో ఎండలో తిరిగొచ్చే మనిషికి ఏం జరుగుతుంది? వేడి ఒకవైపు, తొడ కండరాల నడక ఒకవైపు. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ అనుకున్నదానికంటే ముందే పనిచేసి, పదిన్నరకల్లా షుగరు 60, 70కి దిగుతుంది. చేతులు వణకడం, చెమటలు, కళ్లు తిరగడం. చూసేవాళ్లు వడదెబ్బ అనుకుంటారు, ఎందుకంటే రెండింటి లక్షణాలూ దాదాపు ఒకటే. నీడలో కూర్చోబెట్టి ముఖాన నీళ్లు చల్లుతారు. అతనికి అప్పుడు కావలసింది మూడు చెంచాల చక్కెర. మీటరు చేతిలో ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయే తేడా ఇది. మీటరు లేకపోతే, మనిషి తెలివిగా ఉండి మింగగలిగితే, ముందు చక్కెర ఇవ్వడమే మేలు. షుగరు ఎక్కువున్న మనిషికి ఆ మూడు చెంచాలు చేసే చెరుపు తక్కువ, తక్కువున్న మనిషికి ఇవ్వకపోతే జరిగే నష్టం చాలా ఎక్కువ.

ఇలాంటి అధ్యయనాల నుంచి వచ్చిన సలహాలు చిన్నవే. ఎండలో నడవబోయే పూట తొడకు కాకుండా పొట్టకు సూది వేసుకోవడం, సూది వేసుకున్న గంటలోపు వేన్నీళ్ల స్నానం, ఆ చోట మర్దన మానుకోవడం, ఎండాకాలంలో మధ్యాహ్నం వేళ ఒక్కసారైనా అదనంగా షుగరు చూసుకోవడం. రోజంతా నిదానంగా పనిచేసే రాత్రి ఇన్సులిన్ మీద వేడి ప్రభావం తక్కువ, భోజనానికి ముందు వేసుకునే వాటి మీద ఎక్కువ.

షుగరు చూసుకోవడం అన్నాను కాబట్టి మామిడిపండ్ల మాట చెప్పకుండా ఉండలేను. జపాన్‌లో డాక్టర్లు నారింజ, ద్రాక్ష, కివీ పండ్లను చేత్తో ఒలిపించి, ఆ వేళ్ల నుంచే రక్తం తీసి చూశారు. చక్కెర తేమ వేలికి అంటుకుని మీటరు లేని షుగరును చూపించింది. స్పిరిట్ దూదితో తుడిస్తే పోలేదు, కుళాయి కింద కడిగితేనే పోయింది. రసాలు పిండుకుని తినే మన ఇళ్లలో మే నెలలో ఎన్ని తప్పుడు లెక్కలు వస్తున్నాయో! చాలా మీటర్లు 40 డిగ్రీలు దాటితే పనిచేయమని మొరాయిస్తాయి. ఆ వేడిలో స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే అవీ పాడవుతాయి.

మూడో చోటు చలిదేశం కాదు. కెన్యా ఉత్తరాన దాదాబ్ దగ్గర దగహాలే అనే శరణార్థి శిబిరం. అక్కడ ఇళ్లలో ఫ్రిజ్‌లు లేవు. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలన్న నియమం వల్ల షుగరున్న పిల్లలు, పెద్దలు ప్రతి సూదికీ ఆసుపత్రికి నడిచి రావాల్సి వచ్చేది. అంతర్జాతీయ వైద్య సంస్థ ‘మెడిసిన్ సాన్ ఫ్రాంటియర్’ వాళ్లు అక్కడి ఇళ్లలో వేడి ఎంత ఉంటుందో కొలిచారు. రాత్రి 25, పగలు 37 డిగ్రీలు. జెనీవా విశ్వవిద్యాలయంలో ఇన్సులిన్ సీసాలను సరిగ్గా ఆ పగలూ రాత్రుల లెక్కనే నాలుగు వారాలు ఉంచి పరీక్షించారు. 2021లో ఫలితం ప్రకటించారు: ఫ్రిజ్‌లో ఉంచిన ఇన్సులిన్‌తో పోలిస్తే బలం తగ్గలేదు. దాంతో సూదిమందు ఇంట్లోనే పెట్టుకోవచ్చన్న ధైర్యం వచ్చింది.

దీనికి భిన్నంగా మన దగ్గర, పుదుచ్చేరి జిప్మర్‌లో 2009లో కుందేళ్ల మీద చేసిన ప్రయోగంలో 32, 37 డిగ్రీల్లో 28 రోజులు ఉంచిన ఇన్సులిన్ 14 నుంచి 18 శాతం బలం కోల్పోయినట్టు తేలింది. పెదనాన్న లెక్కన చూస్తే 16 యూనిట్లు వేసుకుని 13 యూనిట్ల పనే పొందినట్టు. రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు తోచేది ఇది: రాత్రి చల్లబడే ఇల్లు వేరు, రాత్రీ చల్లబడని ఇల్లు వేరు. మా పెదనాన్న వాటా రెండో రకం. కాబట్టి దగహాలే ఫలితాన్ని పట్టుకుని ఫ్రిజ్ అక్కర్లేదనడం తప్పు. అలాగని కరెంటు ఐదు గంటలు పోయిందని సీసా పారేయడమూ అనవసరం. వాడకంలో ఉన్న సీసా, పెన్ను 25 నుంచి 30 డిగ్రీల లోపు ఉంటే నాలుగు వారాలు పనిచేస్తాయి.

ఆ 30 డిగ్రీలు మే నెలలో ఎక్కడ దొరుకుతాయి? కుండలో. ఎండాకాలం వస్తే సికింద్రాబాద్ రోడ్ల పక్కన కుండలు పేర్చి అమ్మేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఒక పెద్ద కుండ, అందులో పట్టే చిన్న కుండ కొని, మధ్య సందులో ఇసుక పోసి, ఇసుకను పొద్దునా సాయంత్రం తడపాలి. లోపలి కుండలో ఇన్సులిన్‌ను మూతగట్టి ప్లాస్టిక్ డబ్బాలో పొడిగా పెట్టి, పైన తడిగుడ్డ కప్పాలి. గాలి ఆడే నీడలో ఉంచాలి, మూల గదిలో కాదు. పొడిగాలి వీచే మన మేలో బయట 40 ఉంటే లోపల 26, 28 దాకా దిగుతుంది. ఆవిరి కావడమే చల్లదనం కాబట్టి, గాలిలో తేమ ఎక్కువుండే విశాఖలో, మచిలీపట్నంలో ఇంత దిగదు. మన దగ్గర కూడా జూన్‌లో వాన పడగానే కుండ బలం తగ్గుతుంది, అప్పటికి ఎండ బలమూ తగ్గి ఉంటుంది. ఒక చిన్న గది థర్మామీటరు కుండలో వేసి చూసుకుంటే ఊహల మీద ఆధారపడనక్కర్లేదు. దగహాలే లాంటి చోట్ల ఇలాంటి మట్టికుండలు ఇన్సులిన్ కోసం పరీక్షకు నిలిచాయి. తరతరాలుగా కుండ చల్లదనం తెలిసినవాళ్లం మనం, ఇన్సులిన్‌కు వాడుకోవాలని తోచలేదు.

ఫ్రిజ్ ఉన్న ఇళ్లలో తప్పు మరో రకంగా జరుగుతుంది. వేడికి భయపడి సీసాను డీప్ ఫ్రీజర్ పక్కనో, ప్రయాణంలో ఐసు ముక్కల మధ్యో పెడతారు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి బాగానే ఉన్నా పనికిరాదు, పారేయాల్సిందే. బండి డిక్కీలో, ఎండలో ఆపిన కారులో వదిలేసినదీ అంతే, అక్కడ వేడి 50 దాటుతుంది. తేటగా ఉండాల్సిన ఇన్సులిన్ మసకబారితే, పాలరంగు ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య దొర్లించినా పలుకులు కరగకపోతే అది చెడినట్టు. బలం తగ్గినా పైకి ఏమీ కనిపించకపోవడమూ ఉంది. అదే మోతాదు, అదే తిండి, మూడు రోజులుగా షుగరు దిగట్లేదంటే మోతాదు పెంచేముందు కొత్త సీసా తీసి చూడాలి.

మన తెలుగువాళ్లు చాలామంది స్థిరపడిన అమెరికా అరిజోనా ఎడారి సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. ఫీనిక్స్ ప్రాంతంలో డాక్టర్లు 152 మంది షుగరు రోగులను కూర్చోబెట్టి, ఎండాకాలంలో మీరేం చేస్తారని అడిగారు. ఐదుగురిలో ఒకరు వేడి 38 డిగ్రీలు దాటేదాకా ఏ జాగ్రత్తా తీసుకోరు. మూడోవంతుకు పైగా మందులు ఎండకు పాడవుతాయని ఇంట్లోనే వదిలి బయటికి వెళ్తారు. అంత సంపన్న దేశంలోనూ ఇదే పరిస్థితి. అయితే వాళ్లు అడిగారు, అడిగినందుకు తెలిసింది. మన ఓపీల్లో మార్చి నెలలో ఆ ప్రశ్న వేయడానికి ఖర్చేమీ కాదు.

ఒక్క విషయంలో మాత్రం నేర్చుకోవడానికి మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. ఎండకు, విరేచనాలకు షుగరున్నవాళ్లు ఏం తాగాలన్నది ఎప్పుడూ గొడవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన చేసిన ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలిపితే అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములే ఉంటుంది. గ్లాసుకు మూడు గ్రాముల లోపు, అరచెంచా కంటే కొంచెం ఎక్కువ. విరేచనాలైనప్పుడు షుగరు రోగి కూడా భయం లేకుండా తాగవచ్చు, ఆ కొద్ది గ్లూకోజే ఉప్పునూ నీటినీ పేగు నుంచి లోపలికి లాగుతుంది. కాని చాలాకాలం మెడికల్ షాపుల్లో ఓఆర్ఎస్ అనే మాటను పేరులో పెట్టుకుని, లీటరుకు వంద గ్రాములు దాటిన చక్కెరతో పండ్లరసం లాంటి డబ్బాలు అమ్ముడుపోయాయి. దాని మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారుకాని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట ఉండకూడదని ఆదేశించింది. పిల్లల కోసం సాగిన పోరాటం షుగరున్న పెద్దలకూ మేలు చేసింది.

మామూలు ఎండ రోజులకు ఓఆర్ఎస్ అక్కర్లేదు, నీళ్లు, పలచటి మజ్జిగ చాలు. మజ్జిగలో ఉప్పు బీపీ ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి. చెరుకురసం ఒక గ్లాసులో ముప్ఫై గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. కొబ్బరినీళ్లలో చక్కెర తక్కువే, కాని పొటాషియం ఎక్కువ. కిడ్నీ అప్పటికే దెబ్బతిని, టెల్మిసార్టాన్ వాడుతున్నవాళ్లకు రోజూ రెండు మూడు కాయలు మంచివి కావు. గుండె, కిడ్నీ జబ్బులవల్ల నీళ్లకు కొలత పెట్టినవాళ్లు ‘బాగా తాగండి’ అన్న సలహాను తమకు వర్తింపజేసుకోకూడదు. ఎండాకాలానికి కొత్త కొలత ఎంతో డాక్టరును అడగాలి. తగినంత తాగుతున్నామా అన్నది తెలుసుకోవడానికి పొద్దుటి తూకం సాయపడుతుంది. రెండు రోజుల్లో రెండు కిలోలు తగ్గితే అది కొవ్వు కాదు, నీరు. మూత్రం రంగు కూడా చెబుతుంది గాని, డాపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్లు దాన్ని పూర్తిగా నమ్మకూడదు. ఒంట్లో నీరు తగ్గడం మొదలైనా ఆ మాత్ర మూత్రాన్ని తేటగానే పంపుతూ ఉండవచ్చు.

కార్డు విషయానికి వస్తే, దాన్ని ఇక్కడ పంచడానికి కొత్త యంత్రాంగం ఏదీ అక్కర్లేదు. నగరంలో బస్తీ దవాఖానాలున్నాయి. బీపీ, షుగరు మందులను కిట్లుగా ఇళ్లకు చేర్చే పద్ధతి తెలంగాణలో 2022 నుంచి ఉంది, ఆ పని చేసే ఆశా కార్యకర్తలకు ఏ ఇంట్లో ఎవరికి షుగరుందో నోటికి తెలుసు. మందుల సంచిలో ఒక అట్టముక్క ఎక్కువ పట్టదా? తెలుగులో ఒకవైపు, ఉర్దూలో ఒకవైపు. పైన మాత్రల పేర్లు, షాపులో అమ్మే పేర్లతో సహా. పక్కన ఖాళీ గడి, అందులో డాక్టరు తన రోగికి సరిపోయేవి మాత్రమే టిక్కు పెట్టేలా. కింద ఫోను నంబరు. గుండె జబ్బున్నవాళ్ల కార్డులో నీళ్ల మాత్ర గడి ఖాళీగా ఉండొచ్చు. స్కాట్లండ్‌లో వచ్చిన చిక్కు ఈ టిక్కుతో కొంత తీరుతుంది.

పెదనాన్న ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అలాంటి కాగితం ఇప్పుడొకటి ఉంది, ఆయన డాక్టరు చేతిరాతతో. మొన్న మేలో ఒక్కరోజు వాంతులయ్యాయి. నాలుగు మాత్రలు పక్కన పెట్టి, రాత్రి ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో డాక్టరుకు ఫోను చేసి అడిగి, ఓఆర్ఎస్ తాగి, రెండో రోజు మళ్లీ మొదలుపెట్టారు. వారం తర్వాత చూస్తే క్రియాటినిన్ 1.2.

మీ ఇంట్లోనూ షుగరున్నవాళ్లుంటే ఈసారి చెకప్‌కు వెళ్లేటప్పుడు మాత్రల డబ్బా మొత్తం, మోకాళ్ల నొప్పికి తెచ్చుకున్నవి కూడా కలిపి, పట్టుకెళ్లండి. బల్ల మీద పెట్టి ఒక్కటే అడగండి: ‘డాక్టరుగారూ, వాంతులో విరేచనాలో అయిన రోజు వీటిలో ఏవి ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి? కాస్త రాసివ్వండి.’